ఒక్క వ్యాను, నాలుగు షీట్లు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అవ్వ నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. సిద్దిపేటలో ఒక ట్రస్టు దవాఖానలో ఇన్నేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను కదా, నాకు అర్థమైంది వేరే. నోరు మంచిదైన వాళ్ల బడ్జెట్ షీట్లలోనే తప్పులెక్కువ. వాళ్లను ఎవరూ గట్టిగా అడగరు, అందుకే. నన్ను మాత్రం అందరూ అడుగుతారు. నేనూ అందరినీ అడుగుతాను. మా విభాగాల వాళ్లు నా గది ముందు నుంచి పోయేటప్పుడు చెప్పుల చప్పుడు కాకుండా నడుస్తారని ఆఫీసులో ఒక జోకు. నాకేం బాధ లేదు.

చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో మా దవాఖానలో బడ్జెట్ లొల్లి మొదలవుతుంది. డయాలసిస్, ల్యాబు, ఊళ్లలో పెట్టే కంటి క్యాంపులు, ప్రసూతి వార్డు, క్యాంటీను, వాహనాల విభాగం, ఇంకా ఏవేవో. ప్రతి విభాగం వచ్చే ఏడాదికి కావలసిన ఖర్చు తన సొంత ఎక్సెల్ షీట్లో వేసి నాకు పంపాలి. వాటన్నిటినీ కలిపి ఒక్క మాస్టర్ షీట్ చేయడం నా పని. వినడానికి ఎంత సులువు! ఒకరు నెలవారీగా వేస్తారు, ఒకరు ఏడాదికి ఒకటే అంకె వేస్తారు. ఒకరు రూపాయల్లో, ఒకరు లక్షల్లో. ల్యాబు సార్ కొన్ని వరుసలు దాచి పెట్టి పంపుతాడు. పైకి కనబడవు, కానీ మొత్తంలో మాత్రం కూర్చుంటాయి. క్యాంటీను వాళ్లయితే గడులన్నీ కలిపేసి మధ్యలో పెద్ద అక్షరాలతో శుభాకాంక్షలు కూడా రాస్తారు. నాకా శుభాకాంక్షలు? వాటిని విడదీయడానికి ఒక పూట పడుతుంది.

ఇవన్నీ భరిస్తాను. భరించలేనిది ఒకటుంది. అందరూ కలిసి వాడుకునే వస్తువు.

మా దవాఖానకు ఒక్కటే వ్యాను. పొద్దున రాయపోల్, మద్దూరు, అక్కన్నపేట వైపు ఊళ్ల నుంచి డయాలసిస్ రోగులను తెచ్చి మళ్లీ దింపుతుంది. ఏ రోజు ఏ వైపో వంతు ఉంటుంది. మధ్యలో ఖాళీ దొరికితే ల్యాబు కోసం ఊళ్లలో రక్తం నమూనాలు తెస్తుంది. ఆదివారాలు కంటి క్యాంపుకు పోతుంది. ఒక్క డ్రైవరు, ఒక్క ఇంజను, నాలుగు టైర్లు. కానీ బడ్జెట్ షీట్లలో ఆ వ్యాను నాలుగు చోట్ల తిరుగుతుంది.

వాహనాల విభాగం తన షీట్లో డ్రైవరు జీతం, డీజిలు, ఇన్సూరెన్సు, రిపేర్లు అన్నీ వేస్తుంది. అది న్యాయమే, బయటివాళ్లకు బిల్లు కట్టేది వాళ్లే. ఆ విభాగానికి డయాలసిస్, ల్యాబు లోపల్లోపల ట్రిప్పుకు ఇంత అని కిరాయి రాసుకుంటాయి. అది డయాలసిస్ షీట్లో ‘వ్యాను కిరాయి’ అని, ల్యాబు షీట్లో ‘రవాణా’ అని ఖర్చు కింద పడుతుంది. అది బయటికి పోయే పైసా కాదు, ఈ జేబులోంచి ఆ జేబులోకి పోయేది. వాహనాల విభాగం ఆ కిరాయిని తన ఆదాయంగా చూపిస్తే, కలిపేటప్పుడు రెండు వైపులా కొట్టేసుకోవచ్చు. కానీ వాహనాల ఇన్‌ఛార్జి చూపించడు. “మనోళ్ల దగ్గర తీసుకునేది గూడ ఆదాయమేనా మేడం?” అంటాడు. ఇక కంటి క్యాంపు వాళ్లు డీజిలు చీటీల మీద తాము సంతకం పెడుతున్నామని ఆ డీజిలు ఖర్చునే తమ షీట్లో మళ్లీ వేస్తారు. పేర్లు కూడా ఒకటి కావు. ఒకచోట ‘వాహనం’, ఒకచోట ‘రవాణా’, ఒకచోట ‘వ్యాను కిరాయి’, ఇంకోచోట ఊరికే ‘డీజిల్’. పేరు పెట్టి వెతికితే ఎవడికీ దొరకదు.

ఇది తెలియక చేసే తప్పు అనుకుంటే పొరపాటే. తెలిసే చేస్తారు. నాకది తెలిసిన రోజు డయాలసిస్ సిస్టరుతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.

“కిరాయి వరుస తీసేసి పంపు చెల్లె, అది వాహనాల షీట్ల ఉన్నది” అన్నాను.

“తియ్య అక్కా.”

“ఎందుకు తియ్యవు?”

“మా షీట్ల వ్యాను పేరు లేకుంటే రేపు వ్యాను మీది కాదంటరు. ప్రసూతోళ్లకు ఏమైందో మర్చిపోయినవా?”

మరచిపోలేదు. ఒక ఏడు ప్రసూతి వార్డు వాళ్లు బుద్ధిగా, జనరేటరు అందరిదీ కదా అని తమ షీట్లో ఆ వరుస వేయలేదు. ఆ వేసవిలో కరెంటు పోయినప్పుడు జనరేటరు లైను మొదట ఎవరికివ్వాలని పంచాయతీ వస్తే, మా అడ్మినిస్ట్రేటర్ సారు షీట్లు తెరిచి చూసి, “మీ బడ్జెట్ల జనరేటరే లేదు కదా” అన్నాడు. ఆ రోజు బాలింతలు విసనకర్రలతో కూర్చున్నారు. అప్పటి నుంచి మా దవాఖానలో అదొక శాసనం. షీట్లో పేరుంటేనే హక్కు. అందుకే అందరిదైన ప్రతి వస్తువునూ ఎవరికి వాళ్లు వేసుకుంటారు. వాళ్లు ఖర్చు రాయడం లేదు, జాగా మీద తువ్వాల వేస్తున్నారు, బస్సులో సీటు మీద వేసినట్టు. వాళ్లను తిట్టి లాభం లేదని నాకు అప్పుడే అర్థమైంది. తిట్టాలంటే శాసనం చేసినవాణ్ని తిట్టాలి.

ఆయన సంగతికి వద్దాం. మా అడ్మినిస్ట్రేటర్ సారు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం. నేను మాస్టర్ షీట్ రెండు అంచెల్లో చేస్తాను. మొదట అన్ని విభాగాల వరుసలనూ ఒకే రూపంలోకి మార్చి ఒకదాని కింద ఒకటి పేర్చుతాను. ప్రతి వరుస పక్కన ఏ విభాగం పంపిందో రాస్తాను, పేర్లు ఎన్నున్నా ఒకే వస్తువుకు ఒకే కోడ్ ఇస్తాను, ఆ పైసలు బయటికి పోతాయా లోపలే తిరుగుతాయా అని ఇంకో గడిలో రాస్తాను. రెండో అంచెలో లోపల తిరిగేవి రెండు వైపులా కొట్టేసి, బయటి బిల్లు ఎవరు కడతారో వాళ్ల దగ్గర మాత్రమే ఖర్చు ఉంచుతాను. మొదటి అంచె చివర వచ్చే మొత్తం ఒట్టి కుప్ప. దాన్ని చూసి భయపడకూడదు, సంతోషపడకూడదు. అందుకే ఆ ఫైలు పేరులోనే ‘కచ్చా’ అని పెడతాను.

ఈ ఏడు నేను పేర్చడం ముగించి అన్నానికి పోయాను. వచ్చేసరికి సారు ఆ కచ్చా ఫైలే తెరిచి, కింది మొత్తం చూసి, ట్రస్టు ఛైర్మన్‌కు ఫోన్లో చదివేశాడు. లోటు చాలా పెద్దగా ఉందట, ఎక్కడో ఒకచోట కొయ్యాలట. కోడ్ వారీగా చూస్తే వ్యానే అందరికంటే పెద్ద మూట మింగుతోందట. మింగదా మరి, నాలుగు నోళ్లతో తింటుంటే!

“సార్, అది కచ్చా. ఇంకా కొట్టేయలేదు” అన్నాను.

“కొంచెం అటిటు ఉంటది గంతే కదా. ఛైర్మన్ సారుకు చెప్పిన. ఇగ మార్చుడు లేదు.”

“కొంచెం కాదు సార్. వ్యాను నాలుగు సార్లు పడ్డది.”

“చెప్పిన అంకె మారిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె మేడం?”

నేను నోరు తెరిచేలోపే ఆయన ఇంకో మాట చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి వ్యాను బంద్. ఆమోదం కోసం మీటింగు తర్వాత ఎలాగూ ఉంది, కొత్త ఏడాది మొదటి రోజు నుంచే పొదుపు కనబడితే ట్రస్టు వాళ్లు సంతోషిస్తారు. డ్రైవరును గేటు దగ్గర కూర్చోబెట్టారు. వ్యాను షెడ్డులోకి పోయింది.

నాకు ఒళ్లు మండింది. లేని ఖర్చును మిగిలించడానికి ఉన్న బండిని ఆపుతారా? ఏం బుద్ధి ఇది?

ఆ వ్యాన్లో వచ్చేవాళ్లలో రాయపోల్ దగ్గరి ఊరి నుంచి ఒక ముసలామె ఉండేది. కూలి చేసి పిల్లలను పెంచిన మనిషి, కిడ్నీలు పోయి వారానికి మూడు సార్లు డయాలసిస్‌కు వస్తుంది. మిషను మీద నాలుగు గంటలు పడుకుని లేచాక, వ్యాను బయలుదేరేదాకా నా కిటికీ ముందు బల్ల మీద కూర్చునేది. నేను తనను అవ్వా అనేదాన్ని, తను నన్ను బిడ్డా అనేది. మాట్లాడేదంతా నన్ను తిట్టడమే. “గంత కోపమేంది బిడ్డా నీకు? గా కంప్యూటరును గుద్దితే అది ఏడుస్తదా?” అని నవ్వేది. నేను తెచ్చిన చపాతీలో ఉప్పు ఎక్కువైందని వంక పెట్టేది. తను ఉప్పు తినకూడదు. అందుకే వాసన చూసి చెప్పేది.

వ్యాను బందయ్యే ముందు రోజు తనకు ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది.

“బస్సుకు రావాల్నా? బస్సు మా ఊళ్లకు రాదు బిడ్డా. రోడ్డు దాక నడువాలె. మిషనెక్కి పోయిన్నాడు నాకు గడప దాటుడే కష్టం.”

“ఆటోల రా అవ్వా, రెండు దినాలు ఓపిక పట్టు. నేను జూస్తా.”

“నేనైతె పడుత బిడ్డా, పానం ఓపిక పడుతదా?” అంది.

ఆ తర్వాత వంతుకు రాలేదు. దాని తర్వాతి వంతుకూ రాలేదు. సిస్టరు ఫోన్ చేస్తే, ఆటోకు అంత ఇచ్చుకోలేమని కోడలు చెప్పింది. మూడో వంతు నాడు మధ్యాహ్నం ఎవరో ఆటోలో తెచ్చారు. మొహం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. పడుకోబెడితే ఊపిరాడటం లేదు, ఒంట్లో నీరంతా ఊపిరితిత్తుల్లో చేరింది. డాక్టరు వెంటనే మిషనుకు పెట్టి, ఆక్సిజను పెట్టి, పైవార్డులో చేర్చుకున్నాడు. బతుకుతుందని సాయంత్రానికి గానీ చెప్పలేదు. నేను వార్డు బయట నిలబడి ఏడ్చాను. తర్వాత కిందికి వచ్చి మాస్టర్ షీట్ తెరిచాను. ఆ రోజు ఎవడైనా అడ్డం వచ్చి ఉంటే వాడి సంగతి నాకు తెలియదు.

కొట్టేయడం ఎలాగో నాకు కొత్త కాదు. కానీ ఊరికే కొట్టేస్తే విభాగాలు ఒప్పుకోవు, మీటింగులో నా మీదికే వస్తాయి. ఆ తువ్వాల శాసనం ఉంది కదా. అందుకని ఒక ఉమ్మడి షీట్ వేరే చేశాను. వ్యాను, జనరేటరు, ఆక్సిజను, సెక్యూరిటీ, అందరూ వాడే ప్రతిదీ అందులో ఒక్క వరుసే. దాని ఎదురుగా బిల్లు కట్టే విభాగం పేరు. ఖర్చు ఆ ఒక్కచోటి నుంచే మాస్టరులోకి పోతుంది. ప్రతి విభాగం షీట్లోనూ ఆ వస్తువు పేరు ఉంచాను, కానీ ఖర్చు గడిలో కాదు, ‘వాడుక’ అనే కొత్త గడిలో. అందులో వాళ్ల వంతు ఎంతో చూపిస్తుంది, మొత్తంలో మాత్రం కలవదు. అందరి వాడుక వంతులూ కూడితే ఉమ్మడి షీట్లోని అంకె రావాలి. రాకపోతే ఆ గడి ఎర్రబడుతుంది. అంటే వస్తువు రెండుసార్లు పడకుండానే కాదు, ఎవరూ వేయకుండా జారిపోకుండా కూడా కాపలా అన్నమాట. జనరేటరుకు ఎరుపు వచ్చింది. చూస్తే, అప్పట్లో లేదనిపించుకుని అలిగిన ప్రసూతి వాళ్ల వంతు ఇప్పటికీ ఎక్కడా లేదు. వాళ్లను పిలిచి రాయించాను.

డయాలసిస్ సిస్టరుకు చూపించాను. చాలాసేపు చూసింది.

“గీ వాడుక గడిల మా పేరుంటే వ్యాను మాదే గదా?”

“మీది గూడ. అందరిది. ఖర్చు ఒక్కసారే.”

“మరి సారు మళ్ల షీట్ల పేరు లేదంటే?”

“అంటే నా దగ్గరికి రా. నేను బతికే ఉన్న.”

సిస్టరు నవ్వి, కిరాయి వరుస పక్కన ‘లోపల తిరిగేది’ అని తన చేత్తో తనే రాసింది. దాంతో ల్యాబు, క్యాంపు వాళ్లు కూడా దారికొచ్చారు. వాహనాల ఇన్‌ఛార్జితో కూర్చుని, లోపలి కిరాయిని తన ఆదాయం కింద ఎందుకు రాయాలో చెప్పి రాయించాను. రెండు వైపులా సమానంగా వచ్చాక రెండింటినీ మాస్టరులోంచి తీసేశాను. లోటు కుప్పకూలింది. పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. కానీ దాన్ని చూసి ఎవరూ బండి ఆపరు.

మీటింగు రోజు సారు నన్ను లోపలికి రావద్దన్నాడు. అంకెలు ఆయనే చదువుతాడట. సరే సార్ అన్నాను. ఆయన వెనకాలే లోపలికి పోయి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఛైర్మన్ బట్టల వ్యాపారి, పెద్దాయన. సారు పాత మొత్తమే చదివాడు. వ్యాను ఆపడం వల్ల ఇంత మిగులుతుందని నాలుగు వరుసల అంకె చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను.

“సార్, మీ ఇంట్ల ఒక్క గ్యాసు బండ ఉంటది. అత్త ఒక చిట్టీల రాసింది, కోడలు ఒక చిట్టీల రాసింది, కొడుకు ఒక చిట్టీల రాసిండు. మూడు చిట్టీలు కలిపితే మూడు బండలైతయా?”

“ఎట్లయితయమ్మా?”

“మరి మా వ్యాను నాలుగైంది. ఇప్పుడు దాన్ని ఆపితే నాలుగు వ్యాన్ల పైసలు మిగులుతయని చెప్తున్నరు. మిగిలేది ఒక్క వ్యానుదే. మిగతా మూడు కాయితం మీదనే ఉన్నయి, కాయితం మీదనే పోతయి.”

తెర మీద వ్యాను కోడ్ ఒక్కటే కనబడేలా పెట్టి చూపించాను. నాలుగు వరుసలు, నాలుగు పేర్లు. పక్కన ఏది బయటికి పోతుంది, ఏది లోపల తిరుగుతుంది. తర్వాత ఉమ్మడి షీట్. తర్వాత కొత్త మొత్తం. ఛైర్మన్ కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో వరుసనూ వేలితో చూపిస్తూ అడిగాడు. వ్యాపారస్తుడు కదా, లోపలి కిరాయి సంగతి చెప్పగానే పట్టుకున్నాడు. “రెండు దుకాణాల మధ్య సరుకు పంపుకుంటే దాన్ని అమ్మకం అంటమా?” అన్నాడు.

సారు అప్పటికీ వదల్లేదు. “అయినా లోటు ఉన్నది గద సార్. ఒక్క వ్యానుదైనా మిగులుతది.”

“మిగలదు సార్” అన్నాను. “ఊళ్ల రోగులు రాకుంటే డయాలసిస్‌కు ప్రభుత్వ పథకం నుంచి వచ్చే పైసలు గూడ రావు. ఆ ఆదాయం తగ్గించకుంట వ్యాను ఖర్చు ఒక్కటే తీసేసిన్రు. వ్యాను బందైనంక ఎన్ని మిషన్లు ఖాళీగ ఉన్నయో సిస్టరును అడుగున్రి. ఒక అవ్వ పైవార్డుల ఆక్సిజను మీద ఉన్నది. ఆమెను గూడ పోయి అడుగున్రి.”

ఛైర్మన్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “రేపటి సంది వ్యాను నడవాలె” అన్నాడు. అంతే.

ఇక్కడితో అయిపోతే నాకింత కోపం ఉండేది కాదు.

మర్నాడు సారు ఒక నోటు టైపు చేయించి నా బల్ల మీద పెట్టాడు. మాస్టర్ బడ్జెట్‌తో పాటు ట్రస్టుకు పోవలసిన కాగితం. ‘సాంకేతిక కారణాల వల్ల వ్యాను సేవలో స్వల్ప అంతరాయం ఏర్పడినది. లోపము సరిదిద్దబడినది.’ కింద అకౌంట్స్ సంతకానికి జాగా.

“ఏ సాంకేతిక కారణం సార్? కంప్యూటరు పోయి వ్యానును ఆపిందా?”

“మేడం, లొల్లి జెయ్యకు. అయింది అయిపోయింది. వ్యాను నడుస్తుంది గద. సంతకం పెట్టు, మాస్టర్ పంపాలె.”

కిటికీలోంచి బయటికి చూశాను. ఒక అట్టపెట్టెను దించినట్టు ఇద్దరు మనుషులు ఎవరినో వ్యాన్లోంచి దించుతున్నారు. రాయపోల్ అవ్వ కాదు, మద్దూరు వైపు మనిషి. ఆ అవ్వ ఇంకా పైవార్డులోనే ఉంది. అంతకుముందు తనంతట తాను నడిచొచ్చి నా కిటికీ ముందు బల్ల మీద కూర్చున్న మనిషి, ఇక నుంచి లేచి నిలబడాలన్నా ఇద్దరు పట్టుకోవాలని పొద్దున డాక్టరు చెప్పాడు. గుండె దెబ్బ తిన్నదట. స్వల్ప అంతరాయం!

ఆ కాగితాన్ని పక్కన పెట్టి, నేనే ఒకటి టైపు చేశాను. ‘విభాగాల షీట్లను పేర్చిన కచ్చా మొత్తాన్ని, ఉమ్మడి ఖర్చులు తీసేయకముందే, తుది మొత్తంగా వాడడమైనది. దాని ఆధారంగా వ్యాను ఆపడమైనది. అందువల్ల డయాలసిస్ తప్పిపోయి ఒక రోగి ప్రాణాపాయంలో పడింది. ఆమె నడక పోయింది. ఇది షీట్ల లోపం కాదు.’ దాని కింద ఇద్దరికి జాగా పెట్టాను. నాది, ఆయనది.

సారు చదివి ఎర్రబడ్డాడు.

“నన్ను ఏం జెయ్యాలనుకుంటున్నవు నువ్వు?”

“ఏం జెయ్య సార్. సంతకం పెట్టుమంటున్న.”

“పెట్టకపోతే?”

“మాస్టర్ మీద నా సంతకం గూడ ఉండదు. ట్రస్టోళ్లు అడుగుతే ఎందుకు లేదో చెప్త.”

“నీకు గీ నౌకరీ వద్దా?”

“కావాలె సార్. గందుకే అబద్ధం మీద సంతకం పెడతలేను.”

ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా నా గదివైపు రాలేదు. ట్రస్టు ఆఫీసు నుంచి మాస్టర్ ఏదని రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ సారునే అడగమని చెప్పాను. ఇంట్లో మా అవ్వ చెప్పే సామెత గుర్తొచ్చింది, నిజమే, నోరు మంచిదైతే ఊరు మంచిదే. కానీ ఆ ముసలామె ఊరికి నా మంచి నోరు అక్కరలేదు, వ్యాను కావాలి.

పొద్దు వాలుతుండగా ఆయన వచ్చాడు. నేను టైపు చేసిన కాగితమే చేతిలో ఉంది, ఒక్క అక్షరం మారలేదు. బల్ల మీద పెట్టి, జేబులు తడుముకున్నాడు.

“పెన్ను ఉన్నదా?” అన్నాడు.

నాది తీసి ఇచ్చాను.